బడిలో ముఖం చూసి హాజరు: 0.6 దగ్గరే వదిలేయకండి

నల్లగొండ దగ్గర 420 మంది పిల్లలున్న ఒక హైస్కూల్లో ముఖం గుర్తుపట్టి హాజరు వేసే సిస్టమ్ పెట్టాం. వాడింది పైథాన్‌లోని ఉచిత లైబ్రరీ face_recognition. పెద్దవాళ్ల ముఖాలతో తయారైన మోడల్ ఇది, పిల్లల విషయంలో ఒకరిని చూసి ఇంకొకరని ఇట్టే పొరబడుతుంది. ఆ మాట దాని వివరణలోనే రాసి ఉంది, చాలామంది చదవరు.

నమోదుకు ఒక్కొక్కరికి నాలుగు లేదా ఐదు ఫోటోలు తీశాం: ఎదురుగా రెండు, కొంచెం కుడికి, కొంచెం ఎడమకి, కళ్లద్దాలుంటే అవి తీసేసి ఒకటి. ఫ్రేములో వెనక ఇంకో పిల్లాడు నిలబడితే వాడి ముఖం వీడి పేరు మీద ఎక్కే ప్రమాదం ఉంది. అందుకే రెండు ముఖాలు కనబడితే ఆ ఫోటో తీసుకోవద్దని ప్రోగ్రాంలోనే రాశాం. కెమెరాను తూర్పు వాకిలికి ఎదురుగా పెట్టకండి. పొద్దున ఎండ వెనక నుంచి కొట్టి ముఖాలు నల్లగా పడతాయి.

ప్రతి ముఖం 128 అంకెలుగా మారుతుంది. రెండు ముఖాల మధ్య దూరం 0.6 దాటకపోతే ఒక్కరే అని లైబ్రరీ అనుకుంటుంది. మా దగ్గర ఎనిమిదో తరగతి అక్క, ఆరో తరగతి చెల్లె ఉన్నారు. చెల్లె కెమెరా ముందుకొస్తే తన ఫోటోలతో దూరం 0.41, అక్క ఫోటోలతో 0.44 వచ్చింది. 0.5కి దించినా ఇద్దరూ లోపలే ఉన్నారు. కాబట్టి హద్దు ఒక్కటే చాలదు, అన్నిటికంటే దగ్గరగా వచ్చిన పిల్లతో దూరం d1, ఆ తర్వాత దగ్గరైన వేరే పిల్లతో దూరం d2 అనుకుంటే, ఆ రెంటి తేడా కూడా చూడాలి:

```python
if d1 <= 0.5 and d2 - d1 >= 0.06:
    mark_present(name)
else:
    ask_teacher()
```

దాంతోపాటు మొత్తం బడితో కాకుండా ఆ తరగతి పిల్లలతోనే పోల్చేలా మార్చాం. అక్కాచెల్లెళ్ల గొడవ అక్కడే తీరింది. ఒకే సెక్షన్‌లో కవలలుంటే మాత్రం క్లాస్ టీచరే వేయాలి. హాజరైన పిల్లను గుర్తుపట్టకపోతే టీచర్ సరిచేస్తుంది. రాని పిల్లకు హాజరు పడితే ఆమె కోసం ఎవరూ వెతకరు. అనుమానమొస్తే టీచర్‌కే వదలడం అందుకే.

ఒక ముఖం అంకెలు 1 కేబీ, అంటే ఒక్కొక్కరికి ఐదేసి ఫోటోలు అనుకున్నా బడి మొత్తానికి 2.2 ఎంబీ లోపు. క్లౌడ్ అక్కర్లేదు, ఆఫీసు కంప్యూటర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ సరిపోతుంది. నమోదు కాగానే ఫోటోలు తీసేశాం. రేపు మోడల్ మారిస్తే మళ్లీ అందరికీ ఫోటోలు తీయాలి, ఆ శ్రమకు ఒప్పుకునే చేశాం. అంకెలే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ముఖాన్ని మార్చలేం.

2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. తెలుగులో ఒక పేజీ ఫారం ఇచ్చాం. ఒప్పుకోని ఇళ్ల పిల్లలకు పాత రిజిస్టర్‌లోనే హాజరు. టీసీ తీసుకున్న రోజే ఆ పిల్ల అంకెలు చెరిపేయాలి, బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోంచి కూడా. పిల్లల ముఖాలు ఏడాదికేడాది మారతాయి గనుక జూన్‌లో బడి తెరిచాక నమోదు మళ్లీ చేయాలి.