సిరీస్ స్ట్రింగ్ లెక్క: 148.5 వోల్టుల దగ్గర ఆగిపోకండి

ఫలితాలొచ్చాయి, గట్టెక్కాం. ఇక రాయబోయేవాళ్ల కోసం సోలార్ పేపర్లో మార్కులు పోయే ఒక్క లెక్క గురించే చెబుతాను. మిగతా సిలబస్ మీకు తెలిసిందే.

ప్యానెల్ వీఓసీ, అంటే కరెంటు లాగనప్పటి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, 49.5 వోల్టులు. వీఎంపీ, అంటే గరిష్ఠ పవర్ ఇచ్చేటప్పటి వోల్టేజి, 41.5. చార్జ్ కంట్రోలర్ గరిష్ఠ ఇన్‌పుట్ 150 వోల్టులు. బ్యాటరీ 48 వోల్టులది. సిరీస్‌లో ఎన్ని ప్యానెళ్లు పెట్టొచ్చు?

వీఎంపీతో గుణించినవాళ్లకు మూడింటికి 124.5 వస్తుంది, నిశ్చింతగా టిక్ పెడతారు. వీఓసీ తీసుకోవాలని తెలిసినవాళ్లకు 148.5 వస్తుంది. వాళ్లూ మూడే అంటారు. రెండూ తప్పే. ప్యానెల్ మీద రాసిన వీఓసీ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. సెల్ చల్లబడేకొద్దీ అది పెరుగుతుంది. ప్రశ్నలో వీఓసీ ఉష్ణోగ్రత కోఎఫిషియెంట్ డిగ్రీకి మైనస్ 0.28 శాతమని, కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీలని ఇచ్చింది అందుకే. తేడా 20 డిగ్రీలు, పెరుగుదల 5.6 శాతం.

```
148.5 × (1 + 0.0028 × 20) = 156.8
```

పరిమితి దాటిపోయింది. నిజానికి సెల్ 21 డిగ్రీలకు దిగితే చాలు, ఈ స్ట్రింగ్ 150 దాటుతుంది. అంటే గడ్డకట్టే చలి అక్కర్లేదు.

గండం ఉండేది ఉదయాన్నే. ఎండ తగిలినా ప్యానెల్ ఇంకా వేడెక్కదు, కంట్రోలర్ కరెంటు లాగడం మొదలుపెట్టదు. పూర్తి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి ఇన్‌పుట్ మీద పడుతుంది. కరెంటు ఎక్కువైతే మంచి ఎంపీపీటీ కంట్రోలర్ తనంతట తానే తగ్గించుకుంటుంది. వోల్టేజిని అలా ఆపలేదు, లోపలి మాస్‌ఫెట్లు, కెపాసిటర్లు పోతాయి. ఫ్యూజు పెట్టాంగా అంటారు కొందరు. ఫ్యూజు చూసేది కరెంటునే.

కాబట్టి జవాబు రెండు. చలిలో 104.5 వోల్టులు, బోలెడు ఖాళీ ఉంది. ఇక్కడితో వదిలేస్తే సగం జవాబే, వేడి వైపు కూడా చూడాలి. సెల్ 70 డిగ్రీలకు చేరితే 83 వోల్టుల వీఎంపీ, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 15.75 శాతం తగ్గి దాదాపు 70 అవుతుంది. బ్యాటరీ 57.6 వోల్టుల దగ్గర నిండుతుంది. చాలా కంట్రోలర్లు అడిగే 5 వోల్టుల అదనం కలిపినా 62.6 చాలు. నాలుగు ప్యానెళ్లుంటే రెండేసి చొప్పున రెండు స్ట్రింగులు ప్యారలల్‌లో కలపాలి. వోల్టేజి మారదు. కరెంటు రెట్టింపవుతుంది గనుక కంట్రోలర్ షార్ట్ సర్క్యూట్ కరెంటు పరిమితిని కూడా సరిచూడాలి.

ఇంత లెక్క దేనికి, మూడు పెట్టి మీటర్‌తో కొలిస్తే పోదా అనేవాళ్లుంటారు. మధ్యాహ్నం సెల్ 60 డిగ్రీల్లో ఉన్నప్పుడు అదే స్ట్రింగ్ మీటర్ మీద సుమారు 134 చూపిస్తుంది. వైవాలో ఆ రీడింగ్ చెప్పి సేఫ్ అనకండి. ఆ క్షణంలో సెల్ ఎంత వేడిగా ఉందో అడుగుతారు.