భీమిలి నుంచి అనకాపల్లి దాకా: నా మొదటి గళ్ళ నుడికట్టు

మా అపార్ట్‌మెంట్ సంక్రాంతి పత్రికకి విశాఖ మీద గళ్ళ నుడికట్టు చేస్తానని ఒప్పుకున్నాను. పజిళ్ళు నింపడం అలవాటే, గడులు గీయడం మాత్రం అదే మొదలు.

తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు గడుల చదరం తీసుకున్నాను. నల్ల గడులకు నియమం ఒకటే: కాగితాన్ని తలకిందులుగా తిప్పినా అమరిక మారకూడదు. రెండో వరస నాలుగో గడి నల్లబడితే ఎనిమిదో వరస ఆరో గడి కూడా నల్లబడాల్సిందే. అందుకే ముఖ్యమైన జవాబులు సమాన పొడవుల జంటగా ఉండాలి. అనకాపల్లి, భీమునిపట్నం చెరి అయిదు అక్షరాలు. మూడో వరసలో ఎడమకి ఒకటి, ఏడో వరసలో కుడికి ఒకటి. నట్టనడుమ ఏడక్షరాల 'ఎర్రమట్టిదిబ్బలు', రెండో గడి నుంచి ఎనిమిదో గడి దాకా.

నిలువు మాటలు సాధారణంగా బేసి నిలువుల్లోనే పెడతారు. ఇక్కడ అలా పెడితే ర్ర, ట్టి, బ్బ మూడూ నిలువు మాటల్లోకి వస్తాయి, వాటితో మాటలు వెతకడం నరకం. సరి నిలువులకు మార్చేసరికి ఎ, మ, ది, లు మిగిలాయి. ప్రాణం లేచొచ్చింది.

అయితే 'ఎ' అచ్చు. తెలుగులో అచ్చు మాట మొదట్లోనే వస్తుంది కాబట్టి దాని పైగడి నల్లగా ఉండక తప్పదు. దాని జంట సరిగ్గా చివరి 'లు' కింద పడింది. అంటే ఎ దగ్గర నిలువు మాట మొదలవ్వాలి, లు దగ్గర ఇంకొకటి ముగియాలి. 'ఎగుమతులు', 'మత్స్యకారులు' దొరికాయి. మన ఊరికి ఇంతకన్నా ఏం కావాలి!

ఎడమ పైమూల దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. నాలుగో వరస నాలుగో గడిని నల్లగా చేస్తే పని సులువే, కానీ ఆ మూల మొత్తం విడి దీవి అయిపోతుంది. పరీక్ష తేలికే: ఏదో ఒక తెల్లగడి మీద పెన్సిల్ పెట్టి, నల్లగడి తాకకుండా అన్ని తెల్లగడులకూ వెళ్ళగలగాలి. అందుకే ఆ నలుపును రెండో వరసకు జరిపాను. అప్పుడు నాలుగో నిలువులో, మూడో వరస నుంచి నాలుగక్షరాల మాట కావాలి, అందులో మూడోది 'మ'. పైన అనకాపల్లి ఉంటే దాని 'ప'తో 'పడమర' కుదిరింది. అలా పై చోటు అనకాపల్లికి, కింది చోటు భీమిలికి ఖాయమైపోయాయి.

అవతలి జంట నిలువులో రెండో అక్షరం 'ది', చివరిది భీమునిపట్నం 'ము'. 'పదిలము' తప్ప ఏదీ అతకలేదు. ఈ రోజుల్లో పదిలం అనే రాస్తాం. అందుకని ఆధారం కూడా ఆ తీరులోనే ఇచ్చాను: 'భద్రము'.