నలభై శాతమా, పదహారు శాతమా: పింఛను కమ్యుటేషన్‌లో నా అనుభవం

మహబూబ్‌నగర్‌లో తపాలా ఉద్యోగిగా ముప్పై అయిదేళ్లు పనిచేసి 2024 జూన్ 30న పదవీ విరమణ పొందాను. పింఛను కాగితాలు నింపేటప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కమ్యుటేషన్ గడి. పింఛనులో 40 శాతం మించకుండా ఎంత భాగమైనా వదులుకొని, దాని విలువను ఒకేసారి తీసుకోవచ్చు. తీసుకున్నాక వెనక్కి మార్చుకునే వీలు లేదు.

నా చివరి మూలవేతనం 60,400 కాబట్టి పింఛను 30,200 రూపాయలు. అందులో 40 శాతమంటే నెలకు 12,080. వచ్చే పుట్టినరోజుకు 61 ఏళ్లు నిండేవారికి పట్టికలోని గుణకం 8.194, దానితోనూ పన్నెండుతోనూ హెచ్చిస్తే సుమారు 11,87,800 రూపాయలు వస్తాయి, దానిపై ఆదాయపు పన్ను లేదు. తోటివారందరూ పూర్తిగా తీసుకొమ్మన్నారు. కోత పదిహేనేళ్లు సాగి, ఆ తర్వాత పూర్తి పింఛను తిరిగి మొదలవుతుంది. నేను దీన్ని అప్పుగా భావించి లెక్క వేశాను: ఇప్పుడు 11.88 లక్షలు తీసుకొని నెలకు 12,080 చొప్పున 180 నెలలు కట్టడమంటే ఏడాదికి దాదాపు తొమ్మిది శాతం వడ్డీ. అదే సొమ్మును 8.2 శాతం వచ్చే సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకం వంటి దానిలో ఉంచి, కోత పడిన మొత్తాన్ని నెలనెలా అందులోంచే తీసుకుంటూపోతే, వడ్డీపై పన్ను లెక్కలోకి తీసుకోకపోయినా పద్నాలుగేళ్లు నిండకముందే అసలు అయిపోతుంది. అందువల్ల ఊరికే డిపాజిట్ చేయడానికి కమ్యుటేషన్ తీసుకోవడం నాకు సరిగా తోచలేదు.

అయితే అమ్మాయి పెళ్లికి తీసుకున్న వ్యక్తిగత రుణం ఇంకా 4.7 లక్షలు మిగిలి ఉంది, వడ్డీ పన్నెండు శాతం. గ్రాట్యుటీ అప్పటికే జడ్చర్లలోని ఇంటి పనికి కేటాయించాం. తొమ్మిది శాతం అప్పుతో పన్నెండు శాతం అప్పు తీర్చడం లాభమే కనుక, ఆ మేరకు మాత్రం తీసుకోవాలని నిర్ణయించాను.

"మీకేమన్నా అయితే నాకొచ్చే పింఛను గూడ కోస్తరా?" అని నా భార్య అడిగింది. అడగవలసిన ప్రశ్నే. కుటుంబ పింఛనుకు కమ్యుటేషన్ కోత వర్తించదు, పదిహేనేళ్లలోపు నేను చనిపోయినా మిగిలిన మొత్తాన్ని ఎవరి వద్దా వసూలు చేయరు. అప్పు కంటే ఇది మేలైనది ఇక్కడే. ఆరోగ్యం బాగాలేనివారు ఈ అంశాన్ని నాకంటే ఎక్కువ బరువుతో చూడాలి.

చివరకు 16 శాతం, అంటే నెలకు 4,832 రూపాయలు వదులుకొన్నాను. వచ్చిన 4,75,121తో రుణం మూసివేశాను, నెలకు పదివేలకు పైగా ఉన్న వాయిదా ఆగిపోయింది. విరమణ తర్వాత ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే వైద్య పరీక్ష అవసరం లేదు కాబట్టి ఆలస్యం చేయలేదు.

మొదటి పింఛను వివరాల్లో రెండు అంకెలు సరిచూసుకున్నాను. మూల పింఛను 25,368గా ఉంది. కరవు భత్యం మాత్రం తగ్గిన పింఛనుపై కాక పూర్తి 30,200పై లెక్కించాలి. అప్పటి 50 శాతం చొప్పున 15,100 పడింది. అక్కడ 12,684 కనిపించి ఉంటే, నెలకు 2,416 రూపాయలు తప్పుగా తగ్గుతున్నాయని గుర్తించి వెంటనే రాతపూర్వకంగా అడగవలసి వచ్చేది.