40కి 11 వస్తే మనసు చెప్పే కారణం

తిరుపతిలో ఈఏపీసెట్ కోచింగ్ తీసుకునే పిల్లాడికి మాక్ టెస్టు ఫిజిక్స్‌లో 40కి 11 వచ్చాయనుకోండి. "నేను దేనికీ పనికిరాను" అనుకుంటే ఆ కారణం ఎప్పటికీ పోనిది, అన్నిటికీ పాకేది. "ఈసారి రొటేషన్ లెక్కలు చెయ్యలేదు" అనుకుంటే రేపటికి పని దొరుకుతుంది. నిరాశావాదికీ ఆశావాదికీ అమెరికన్ మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ చూపిన ముఖ్యమైన తేడా ఇదే.

ఈ అలవాటు మార్చుకోవచ్చు. "నేను గొప్పవాణ్ణి" అని వందసార్లు జపిస్తే మాత్రం కుదరదు, మనసు నమ్మదు. అనుకున్న మాటను కాగితం మీద రాసి, పక్కనే సాక్ష్యం పెట్టాలి. పోయిన 29లో రొటేషన్‌వి ఎన్ని? టైం చాలక వదిలేసినవి ఎన్ని? కెమిస్ట్రీలో 30 వచ్చాయి కదా, మరి "దేనికీ" ఎలా నిజమవుతుంది?

ఒక్క జాగ్రత్త. అసలు చదవకుండా "పేపరే కష్టం" అని తప్పించుకోవడం ఆశావాదం కాదు. చదవలేదని సాక్ష్యం చెబితే అదే రాసుకోవాలి, "ఈ నెల చదవలేదు" అని, "నేను సోమరిని" అని కాదు.