నాలుగు చెంచాల నూనెతో గుత్తివంకాయ: నా అనుభవం

మా ఇంట్లో నలుగురం. నేను, ఆయన, అత్తయ్య, ఇంటర్ చదివే అబ్బాయి. నెలకు ఐదు లీటర్ల నూనె అయ్యేది. పోయిన నెల మూడు ప్యాకెట్లతో సరిపోయింది, ఎవరూ అర్ధాకలితో లేవలేదు, పెరుగన్నం దాకా వెళ్లకుండానే "ఇంకేమైనా ఉందా" అని అడిగినవాళ్లూ లేరు. ఎలా కుదిరిందో మర్చిపోకముందే రాస్తున్నాను.

ఆయన రక్త పరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువొచ్చాయి. ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో డైటీషియన్‌ దగ్గరికి పంపారు. ఆవిడ మా ముఖం కూడా సరిగ్గా చూడకుండా "ఆయిల్ తగ్గించండమ్మా" అని అచ్చు కాగితం ఒకటి చేతిలో పెట్టింది. ఎన్ని చెంచాలు వాడాలండీ అని అడిగితే "తక్కువ వాడండి" అంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ఫీజు మాత్రం అంకెల్లో తీసుకున్నారు. వంట చేసే మనిషికి చెంచాల్లో చెప్పకపోతే ఆ సలహా దేనికి పనికొస్తుంది?

లెక్క చివరికి నేనే వేసుకున్నాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2011 మార్గదర్శకాల్లో, కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు రోజుకు 20 గ్రాములు, మగవాళ్లకు 25 గ్రాముల నూనె చాలని ఉంది. అయిదు మిల్లీలీటర్ల చెంచాడు నూనె దాదాపు నాలుగున్నర గ్రాములు తూగుతుంది. అంటే మనిషికి రోజుకు ఐదు చెంచాలు. నలుగురికి ఇరవై చెంచాలు, అంటే 100 మిల్లీలీటర్లు. నెలకు మూడు లీటర్లు. ఇంత తేలిక లెక్క ఆ కాగితంలో ఒక్క వరుసలో రాయొచ్చు కదా!

కొలతకు ఏమీ కొనక్కర్లేదు. దగ్గు సిరప్ సీసా మూత లోపల 5, 10 అని గీతలుంటాయి. దాంతో నీళ్లు పోసి ఇంట్లో ఉన్న చెంచాలన్నీ కొలిచాను. ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉంది. సరిగ్గా 5 పట్టిన చెంచా ఒకటి దొరికితే దాన్ని నూనె గిన్నె దగ్గరే ఉంచేశాను. తర్వాత నూనె గిన్నెలో ఎప్పుడూ పడుండే చిన్న గరిటెను కొలిస్తే అది 25 పట్టింది. గుత్తివంకాయకు నేను దాంతో నాలుగు గరిటెలు వేసేదాన్ని. అంటే నలుగురికి రోజంతా సరిపోవాల్సిన నూనె ఒక్క కూరలోకే పోతోందన్నమాట. అది తెలిశాక ఆ గరిటెను వంటింట్లోంచి తీసేశాను. మీరూ ముందు ఆ పని చేయండి.

రోజూ పొద్దున్నే 100 మిల్లీలీటర్లు ఒక చిన్న సీసాలో పోసి పెట్టుకుంటాను. ఆ రోజుకు అంతే.

పప్పు, చారు, పచ్చళ్ల దగ్గర అసలు ఇబ్బందే రాలేదు. ఒక్కటే జాగ్రత్త. తక్కువ నూనెతో పోపు వెడల్పాటి బాండీలో పెట్టకూడదు. ఒక చెంచాడు నూనె అడుగంతా పల్చగా పరుచుకుని, ఆవాలు చిటపటలాడకముందే మాడిపోతాయి. చిన్న పోపు గరిటెలో వేసి కాస్త వంచి పట్టుకుంటే ఆవాలన్నీ నూనెలో మునిగి చక్కగా పేలతాయి. దోసెకు అర చెంచా చాలు, పెనం సరిగ్గా కాలితే. దొండకాయ, ఆలూ వేపుళ్లకు ముక్కల్ని ముందు ఆవిరి మీద సగం ఉడికించి, తడి ఆరాక నూనెలో వేస్తే మూడు చెంచాలతో అయిపోతుంది.

నన్ను ఏడిపించింది గుత్తివంకాయ.

ఆదివారం నాడు మా ఆడపడుచు, పెద్దావిడ, కుటుంబంతో భోజనానికొచ్చింది. మా ఇంట్లో గుత్తివంకాయ అంటే చుట్టాలకు ఓ గురి. పద్ధతంతా ఎప్పటిలాగే, నూనె ఒక్కటే తగ్గించి వండాను. కాయల పైతోలు ఎండినట్టు ముడుచుకుంది, లోపల గుజ్జు నమిలితే కరకరలాడింది. మసాలా అడుగంటి మాడు వాసన పట్టింది. ఆవిడ ఒక కాయ విప్పి చూసి, నలుగురి ముందూ "ఏమ్మా, మా తమ్ముడికి నూనె కూడా పోయట్లేదా?" అంది. అత్తయ్య తల దించుకుని అన్నం కలుపుకున్నారు. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇదంతా ఎవరి ట్రైగ్లిజరైడ్స్ కోసమో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే! భర్త ఆరోగ్యం కోసం పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ల తరఫున, అవసరమైన చోట భర్తలు నోరు విప్పి ఒక్క మాట చెప్పాలి. అది నా గట్టి అభిప్రాయం.

ఆ పంతంతో ఆ వారమంతా వంకాయలే తెప్పించాను. కూరను రెండుగా విడదీసి చూస్తే అసలు సంగతి తెలిసింది.

మొదటిది కాయ సంగతి. వంకాయ గుజ్జు నిండా గాలి గదులుంటాయి, స్పాంజిలాగా. వేడికి గాలి బయటికి పోతూ ఆ చోట్లోకి నూనె దూరుతుంది. అందుకే ఎంత పోసినా బాండీలో నూనె కనిపించదు, ఇంకో గరిటె పోస్తాం. కాయ పూర్తిగా మెత్తబడి గుజ్జు అణిగాక ఆ నూనెలో కొంత బయటికొస్తుంది. కూర చివర్లో తేలేది ఆ నూనే. కాబట్టి నూనె తగలకముందే ఆ గాలి గదుల్ని అణచాలి. లేత, గుండ్రటి కాయలు అరకిలో తీసుకుని, తొడిమలుంచి నాలుగు పక్షాలుగా చీరి, ఉప్పునీళ్లలో వేసి, ఇడ్లీ పాత్రలో ఆరేడు నిమిషాలు ఆవిరి పట్టించాను. తోలు నిగనిగ తగ్గి మాసినట్టవుతుంది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. అక్కడ ఆపాలి. ఇంకో మూడు నిమిషాలుంచితే కూరేటప్పుడు తొడిమ చేతికొచ్చేస్తుంది. చల్లారాక తలకిందులుగా పెట్టి నీరు ఓడ్చాలి.

రెండోది మసాలా సంగతి. ఇదే నన్ను బాగా తికమక పెట్టింది. మా అమ్మ, ఆవిడ అమ్మ అందరూ చెప్పింది ఒకటే, నూనె తేలేదాకా వేయించమని. నిజానికి నూనె తేలడమంటే మసాలాలో నీరు ఇగిరిపోయి పచ్చి పోయిందని గుర్తు. నాలుగు చెంచాలతో వండితే పచ్చి పోయినా నూనె తేలదు, పోసిందే తక్కువ కాబట్టి. తేలుతుందేమోనని చూస్తూ కూర్చుంటే అడుగంటుతుంది. కాబట్టి గుర్తు మార్చుకోవాలి. పచ్చి ఉల్లి ఘాటు పోయి వేయించిన పల్లీల వాసన రావాలి. రంగు ఒక్క ఛాయ ముదరాలి. గరిటెతో తోస్తే మసాలా అడుగు వదిలి ఒక ముద్దగా కదలాలి. ఈ మూడూ కలిస్తే అయినట్టే.

పచ్చి ఉల్లి ముద్ద నూరి నూనెలో వేస్తే ఆ నీరు ఇగరడానికే బోలెడు నూనె, బోలెడు సేపు పడుతుంది. అందుకని రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు, ఒక చెంచాడు నూనె వేసి మూత పెట్టాను. ఉప్పుకు ఉల్లి తన నీళ్లు తానే వదులుతుంది, ఆ నీళ్లలోనే మగ్గుతుంది. మూత తీసి నీరు ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించి, అప్పుడు నూరాను. పల్లీలు, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి నూనె లేకుండా ఉట్టి బాండీలోనే వేయించాలి. పల్లీల్లో, నువ్వుల్లో దాదాపు సగం బరువు నూనే. సన్న సెగ మీద మసాలా నెమ్మదిగా ఉడికితే ఆ నూనె కొంచెం కొంచెంగా బయటికొచ్చి కూరకు ఆ కమ్మదనం ఇస్తుంది. అయితే అదీ కొవ్వే, ఒట్టినే రాలేదు. పల్లీలు గుప్పెడు దాటించకండి.

ఈ ముద్దలో చింతపండు గుజ్జు, కారం, ఉప్పు, కాస్త బెల్లం కలిపి కాయల్లో కూరాను. చిన్న బాండీలో రెండు చెంచాల నూనె వేసి, కాయలు ఒక వరుసలో సర్ది, మూత పెట్టి సన్న సెగ మీద అటూ ఇటూ తిప్పాను. మిగిలిన మసాలా వేశాక అడుగు పట్టబోతుంటే నూనె జోలికి పోకుండా రెండు చెంచాల వేడినీళ్లు చల్లి గీకాలి. అడుగున ఎర్రగా అంటుకున్నదంతా కరిగి కూరలో కలుస్తుంది, రుచి అందులోనే ఉంది.

నాలుగో చెంచాను చివరికి దాచాలి. పోపు గరిటెలో ఆ చెంచాడు నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేసి, పొయ్యి కట్టేశాక పావు చెంచా కారం వేసి, కూర మీద పోసి వెంటనే మూత పెట్టేశాను. కలపకూడదు. వాసనలు నూనెలోకి బాగా దిగుతాయి, ఆ నూనె పైన ఉండబట్టి ముద్ద నోట్లో పెట్టగానే ముందు అదే తగులుతుంది. అదే చెంచాను మొదట్లోనే వేసేస్తే వంకాయలో ఎటు పోయిందో కూడా తెలియదు. వడ్డిస్తే కూర మీద ఎర్రటి మెరుపు కనబడుతుంది. నూనె తేలే కూరలకు అలవాటుపడ్డ కంటికి ఆ మెరుపు కావాలి.

అంతా కలిపి 20 మిల్లీలీటర్లు. మునుపు 100. అత్తయ్య రెండోసారి అడిగి వేయించుకున్నారు. మా బంధువుల్లో ఇంత తక్కువ నూనెతో ఇలాంటి గుత్తివంకాయ వండేవాళ్లు ఇంకెవరూ లేరని ధైర్యంగా చెప్తాను.

నూనె ప్యాకెట్ మీద గుండె బొమ్మ, "కొలెస్ట్రాల్ లేదు" అనే మాట చూసి ధారాళంగా పోయకండి. ఏ మొక్క నుంచి తీసిన నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. ఖరీదైనదైనా, చవకదైనా గ్రాముకు 9 క్యాలరీలే.

చెంచా లెక్క పనికిరాని చోట్లు రెండున్నాయి. పునుగులు, గారెలు వేసిన రోజు బాండీలో పోసేముందు నూనె కొలిచి, అయ్యాక చల్లారనిచ్చి వడగట్టి మళ్లీ కొలుస్తాను. తగ్గినదంతా మేం తిన్నదే, దాన్ని ఆ వారం సీసాల్లోంచి తీసేస్తాను. రెండోది ఆవకాయ. అందులో మాత్రం నూనె తగ్గించొద్దు. ముక్కల మీద నూనె నిలబడి గాలి తగలకుండా కాపాడకపోతే బూజు పడుతుంది, ఏడాది పచ్చడి పారబోయాల్సి వస్తుంది. జాడీలో ఉండాల్సినంత ఉండనివ్వండి. కంచంలో వేసుకునేటప్పుడు ముక్కనూ పిండినీ జాడీ అంచుకు ఆనించి నూనె ఓడ్చుకుని, పైన కలుపుకునే నూనెను ఆ రోజు సీసాలోంచే చెంచాతో తీసుకోండి.