‘16 వరకు సెలవు’ అని రాసి ఒక అవ్వను తిప్పి పంపాం

కడపలో మా అక్క పళ్ల డాక్టర్. చిన్న క్లినిక్, ఒకటే కుర్చీ. కౌంటర్, ఫోన్, అపాయింట్‌మెంట్ పుస్తకం నేను చూసుకుంటాను. పండగ వస్తే సెలవు నోటీసు రాసి వాట్సాప్‌లో పెట్టేదీ నేనే. నాలుగు ముక్కలు రాయడానికి ఏముందిలే అనుకునేదాన్ని, 2024 సంక్రాంతి వరకూ.

ఆ ఏడాది భోగి 14న, కనుమ 16న వచ్చాయి. రంగురంగుల ముగ్గు, గాలిపటాలు ఉన్న బొమ్మ మీద పెద్ద అక్షరాలతో సంక్రాంతి శుభాకాంక్షలు, కింద చిన్నగా ‘16 వరకు క్లినిక్‌కు సెలవు’ అని రాసి స్టేటస్‌లో పెట్టాను. కనుమ రోజు మేం మైదుకూరు దగ్గర మా ఊళ్లో ఉన్నాం. పొద్దున పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. రాయచోటి అవ్వ, మనవణ్ని వెంటబెట్టుకుని మూసిన షట్టర్ ముందు నిలబడి ఉంది.

“పదారు వరకు అని రాసినారు, పదారు వచ్చింది గదా, తీసింటారని వచ్చినాం పాపా” అంది.

గువ్వలచెరువు ఘాటు దిగి, దాదాపు 50 కిలోమీటర్లు పండగ రోజు బస్సు కోసం కాచుకుని వచ్చిన మనిషి. ఆమె మాటలో తప్పేమీ లేదు. ‘16 వరకు’ అంటే 16 కూడా సెలవేనని నా లెక్క. 16 రాగానే సెలవు అయిపోయిందని ఆమె లెక్క. తెలుగులో ఆ మాట రెండు రకాలుగానూ వాడతాం.

ఫోన్ పెట్టేశాక ఇంకో సంగతి తట్టింది. ఆమెకు పన్ను తీసి కుట్లు వేసింది 9న. వారానికి కుట్లు తీయాలి కాబట్టి, కార్డు మీద 16 అని నా చేత్తో నేనే రాసి ఇచ్చాను. అంటే నోటీసు ఒకటి చెప్తే కార్డు ఇంకొకటి చెప్తోంది. కుట్లకు ఒక రోజు ఆలస్యమైతే ఏం కాదని అక్క ధైర్యం చెప్పింది. అవ్వ కడపలోనే బంధువుల ఇంట్లో ఉండి 17న వచ్చింది. కానీ ఆ షట్టర్ ముందు ఆమె నిలబడిన సంగతి నాకు చాలా రోజులు మనసులో మెదిలింది.

2025లో భోగి 13 సోమవారం, సంక్రాంతి 14, కనుమ 15. అంతకు ముందు 12 ఆదివారం, అది మాకు ఎప్పుడూ సెలవే. ఈసారి నోటీసు రాసే ముందు అపాయింట్‌మెంట్ పుస్తకం తీశాను. డిసెంబర్ చివర్లోనే 12 నుంచి 15 దాకా పేజీలకు అడ్డంగా గీత కొట్టాను, ఆ తేదీలు ఎవరికీ ఇవ్వకుండా. తర్వాత, పని సగంలో ఉన్నవాళ్లందరి పేర్లూ ఒక కాగితం మీద రాసుకున్నాను. రూట్ కెనాల్ మధ్యలో ఉండి తాత్కాలిక ఫిల్లింగ్ మీద నడుస్తున్నవాళ్లు, కుట్లు ఉన్నవాళ్లు, కొత్తగా క్లిప్పులు వేయించుకున్నవాళ్లు. పద్నాలుగు మంది తేలారు. వీళ్లకు నోటీసు చాలదు, ఫోనే చేయాలి. సెలవుల్లో ఇబ్బంది వచ్చేది ఎక్కువగా వీళ్లకే. ఆ నాలుగు రోజులు పట్టించుకోకపోతే ఆ మిగతా సగం పని ఇంకెక్కడో చేయించుకునేదీ వీళ్లే.

ఇక రాత. మొదట ‘రేపటి నుంచి నాలుగు రోజులు సెలవు’ అని రాసి కొట్టేశాను. నేను 11న పెట్టిన దాన్ని ఎవరో 13న ఇంటి గ్రూపులో ఫార్వర్డ్ చేస్తే, చదివినవాళ్లకు రేపు అంటే 14. ఫార్వర్డ్ అయ్యే మెసేజ్‌లో రేపు, ఎల్లుండి, ఈ వారం లాంటి మాటలు ఉండకూడదు. తేదీ, పక్కనే వారం రెండూ ఉండాలి. పెద్దవాళ్లు వారం గుర్తుపెట్టుకుంటారు, పిల్లలు తేదీ చూస్తారు.

‘వరకు’ అనే మాట పూర్తిగా తీసేశాను. దాని బదులు తెరిచే రోజును మొదటి వరుసలోకి తెచ్చాను. మూసిన రోజుల లెక్క ఎవరు ఎలా వేసుకున్నా, ఎప్పుడు రావాలో తెలిస్తే చాలు కదా. స్టేటస్ వేలితో జరుపుకుంటూ పోయేవాళ్లకు కనిపించేది కూడా ఆ మొదటి వరుసే.

నొప్పి వస్తే ఎక్కడికి వెళ్లాలో రాసే దగ్గర రిమ్స్ అని పెట్టాను. అక్క చదివి, “మన దగ్గరికి ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు నుంచి వస్తారు. రాత్రి పూట ముఖం వాచినవాణ్ని కడప దాకా రమ్మంటావా?” అని మార్పించింది. చివరికి ఇలా తయారైంది:

“జనవరి 16 గురువారం ఉదయం 10 గంటలకు క్లినిక్ తెరుస్తాం.
12 ఆదివారం, 13 సోమవారం భోగి, 14 మంగళవారం సంక్రాంతి, 15 బుధవారం కనుమ – ఈ నాలుగు రోజులూ మూసి ఉంటుంది.
తాత్కాలిక ఫిల్లింగ్ ఊడితే ఆ పక్క నమలకండి, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి.
ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా 16 దాకా ఆగకండి. వెంటనే మీకు దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లండి.
16, 17 తేదీల్లో రావాలనుకుంటే ఈ మెసేజ్‌కే తేదీ రాసి పంపండి, టైమ్ చెప్తాం.
మీ ఇంటిల్లిపాదికీ సంక్రాంతి శుభాకాంక్షలు.”

శుభాకాంక్షలు కిందికి దిగాయని కొందరికి అనిపించవచ్చు. పంటినొప్పితో చూసేవాళ్లకు ముందు కావాల్సింది తేదీ. బొమ్మలో ముగ్గు ఉంచాను కానీ విషయమంతా బొమ్మ కింద రాతలోనే పెట్టాను. బొమ్మలో ఉన్న నంబర్‌ను వేలితో నొక్కితే ఫోన్ కలవదు, రాతలో ఉంటే కలుస్తుంది.

పెట్టడంలోనూ తిప్పలున్నాయి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కాబట్టి 6న ఒకసారి, 11న ఒకసారి, 15 సాయంత్రం ఇంకోసారి పెట్టాను. బ్రాడ్‌కాస్ట్ పంపితే మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మా పెద్ద వయసు పేషెంట్లలో చాలామంది సేవ్ చేసుకోరు. పద్నాలుగు మందికీ ఫోన్ చేసినప్పుడే నంబర్ సేవ్ చేయించాను. వాట్సాప్ బిజినెస్‌లో, మనం లేనప్పుడు దానంతట అదే జవాబుగా పోయే ‘ఎవే మెసేజ్’గా మొదటి రెండు వరుసలు, ఆసుపత్రి మాట ఉన్న వరుస పెట్టి, 11 రాత్రి నుంచి 16 ఉదయం 10 వరకు అని టైమ్ కట్టాను. ఎప్పుడూ పంపు అని పెట్టి ఆపడం మర్చిపోతే, క్లినిక్ తెరిచాక కూడా మూసి ఉందని జవాబు పోతూనే ఉంటుంది. గూగుల్‌లో మా పేరు కింద ఆ మూడు పండగ రోజులకు సెలవు టైమింగ్స్ వేరుగా పెట్టాను, లేకపోతే మామూలు సోమవారం లాగే తెరిచి ఉందని చూపిస్తుంది.

ఇక కాగితం. ఎప్పుడూ అద్దం తలుపుకి అంటించేదాన్ని. 11 రాత్రి షట్టర్ దించుతుంటే కాగితం లోపలే ఉండిపోవడం కళ్లారా చూశాను. పోయిన ఏడాది అవ్వకు కాగితం కూడా కనిపించలేదన్నమాట. ఇంకో కాగితం రాసి షట్టర్ మీదే, కంటి ఎత్తులో అంటించాను.

ఆ నాలుగు రోజుల్లో మూడు ఫోన్లు వచ్చాయి. రెండు ఊడిన ఫిల్లింగులు. మూడోది చెంప వాపు, జ్వరం కూడా ఉందన్నారు. ప్రొద్దుటూరులోనే ఆసుపత్రికి వెళ్లమని అక్క చెప్పింది, వాళ్లు అప్పటికే బయల్దేరారట. 16, 17 తేదీలకు తొమ్మిది మంది మెసేజ్‌కే తేదీ రాసి పంపారు. అందులో ఒకటి రాయచోటి మనవడిది.

“మేడమ్, 16 గురువారం పెట్టండి. అవ్వకు కట్టుడు పళ్ల కొలతలు తీసుకోవాలంట. ఈసారి తీసింటారు కదా అని మళ్లీ మళ్లీ అడుగుతాంది.”

తీసే ఉంటాం, 11 గంటలకు రమ్మని రాశాను.