‘శ్రీ’ అంటే నాలుగు అక్షరాలు

నాది గద్వాల. విత్తన కంపెనీలకూ పురుగుమందుల డీలర్లకూ కరపత్రాలు, డబ్బాల మీది సూచనలు తెలుగులో రాసి పెడుతుంటాను. మా నడిగడ్డ ప్రాంతంలో పత్తి విత్తనం పండించే రైతులు చాలామంది ఉన్నారు కాబట్టి రాసే పని దొరుకుతుంది. రాయించేవాళ్లు మాత్రం హైదరాబాద్‌లో కూర్చుంటారు. వాళ్లను పట్టుకోవాలంటే ఇప్పుడు లింక్డ్‌ఇన్ తప్ప నాకు దారి లేదు.

గత జూలై మొదట్లో ఒక విత్తన కంపెనీ మేనేజర్ తమ కొత్త కరపత్రం ఫొటోలు అక్కడ పెట్టారు. పత్తి క్రాసింగ్, అంటే మగ మొక్క పుప్పొడిని ఆడ మొక్క పువ్వుకు చేత్తో అద్దడం, ఎలా చేయాలో రైతులకు చెప్పే కరపత్రం అది. సాయంత్రం పూట మొగ్గను బొటనవేలి గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులను తీసేసే బొమ్మ ఒకటి ఉంది. చక్కటి బొమ్మ. దాని కింద వాక్యంలో ‘ఆడ తల్లిదండ్రుల మొక్కల నుండి’ అని ఉంది. ఇంగ్లిషులో ఆడ మొక్కకు వాడే ‘female parent’ అనే మాటను ఎవరో అక్షరాలా దించేశారు. ఇక్కడ ఏ రైతును అడిగినా ఆడ సాళ్లు, మగ సాళ్లు అంటాడు. ఈ కంపెనీకి నా అవసరం ఉందని అప్పుడే అనిపించింది.

ఆత్రంలో ఫోనులో ఆయన పేరు పక్కన ఉన్న `Connect` నొక్కేశాను. ఏమీ అడగకుండానే అభ్యర్థన వెళ్లిపోయింది. ఫోనులో అభ్యర్థనతో పాటు నోటు రాయాలంటే ముందు ఆ మనిషి ప్రొఫైల్ తెరిచి, మెనూలోంచి వెళ్లాలి. కంప్యూటర్‌లోనైతే ప్రొఫైల్‌లో `Connect` నొక్కాక `Add a note` అని అడుగుతుంది. ఇదంతా తర్వాత తెలిసింది. ఒకసారి వెళ్లిన అభ్యర్థనకు నోటు తగిలించడం కుదరదు కాబట్టి వెనక్కి తీసుకుని మళ్లీ పంపుదామనుకున్నాను. వెనక్కి తీసుకున్నాక కనిపించింది అసలు సంగతి: అదే మనిషికి మూడు వారాల దాకా మళ్లీ పంపలేం. ఆగస్టులో క్రాసింగ్ మొదలవుతుంది. ఉత్త అభ్యర్థనను అలాగే వదిలేసినా బాగుండేదేమో!

చేసేది లేక ఆ మూడు వారాలూ నోటు రాయడం మీద పెట్టాను. ఉచిత ఖాతాలో నోటుకు 200 అక్షరాలే. డబ్బు కట్టే ఖాతాకు 300. పైగా ఉచిత ఖాతాకు నెలకు కొన్ని నోట్లే ఇస్తారు కాబట్టి పదిమందికి పంపి ఏది పనిచేస్తుందో చూసే అవకాశం లేదు. రాసింది కొలుచుకోవడానికి మాత్రం ఒక ఉపాయం దొరికింది. ఇంకెవరి ప్రొఫైల్‌లోనైనా నోటు పెట్టె తెరిచి, టైపు చేసి, లెక్క చూసుకుని, పంపకుండా మూసేయడమే. పంపే బటన్ మీద వేలు పడకూడదు, అంతే.

మొదటి చిత్తుప్రతి బడిలో నేర్చుకున్న ఉత్తరంలా మొదలైంది: ‘గౌరవనీయులైన శ్రీ మేనేజర్ గారికి నమస్కారములు.’ లెక్క చూస్తే 44. ఇంకా నేనెవరో కూడా చెప్పలేదు, ఐదో వంతు పైగా అయిపోయింది. నెమ్మదిగా టైపు చేస్తూ అంకె ఎలా పెరుగుతోందో గమనించాను. ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరమే, పెట్టెకు మాత్రం నాలుగు. శ, పొల్లు, ర, దీర్ఘం విడివిడిగా లెక్కకు వస్తున్నాయి. ‘త్తి’ కూడా అంతే. గుణింతాలూ వత్తులూ అన్నీ ఖర్చే.

అయితే ఇంగ్లిషులో రాయనా అని ఒక రోజంతా ఊగిసలాడాను. చివరికి వద్దనుకున్నాను. నేను అమ్మేది తెలుగు, మరి నోటే నా సరుకు నమూనా. లెక్కలోనూ అనుకున్నంత నష్టం లేదు. ఇంగ్లిషుకు నాలుగైదు మాటలు పట్టే చోట తెలుగు ఒక్క క్రియతో సరిపెడుతుంది. ‘చూడగానే అర్థమైంది’ అంటే మొత్తం 17.

రెండో చిత్తుప్రతిలో మర్యాదలు తీసేసి నేరుగా తప్పు దగ్గరికే వెళ్లాను. ‘మీ కరపత్రంలో ఆడ తల్లిదండ్రులు అని ఉంది, రైతులు నవ్వుతారు’ అని. నాకైతే భలే నచ్చింది. మా బావ సీడ్ ఆర్గనైజర్, అంటే కంపెనీల తరఫున రైతులతో విత్తనం పండించే మనిషి, కంపెనీవాళ్లతో ఇరవై ఏళ్ల పరిచయం. ఆయనకు చూపించాను.

“ఆ కరపత్రాన్ని అచ్చుకు పంపింది ఎవరనుకుంటున్నావు?” అన్నాడు.

“ఎవరో అనువాదకుడు రాసి ఉంటాడు బావా.”

“రాసింది ఎవరైనా, ‘సరే’ అన్నది ఆయనే. అచ్చయ్యాక సంబరంగా ఫొటో పెట్టుకున్నాడు. మొహం తెలియని నువ్వు వెళ్లి రైతులు నవ్వుతారంటే నీకు పని ఇస్తాడా?”

ఇంకో మాట కూడా అన్నాడు, అది నాకు బాగా పనికొచ్చింది. “పని ఇవ్వండి అని అడిగితే ఆయన ఆలోచించాలి, ఇంకొకరిని అడగాలి. పంపనా అని అడిగితే ఊ అంటే చాలు.”

అప్పటిదాకా నా చిత్తుప్రతులన్నీ ‘మీతో కలిసి పనిచేసే అవకాశం’ దగ్గరే ముగుస్తున్నాయి. ఆయన ఒక్క మాటతో జవాబివ్వగల ప్రశ్న వాటిలో ఒక్కటీ లేదు. తప్పును ప్రస్తావించకుండా ఆ పేజీనే చదివానని తెలియాలి. అందుకు బొమ్మ ఉంది. అది నిజంగానే బాగుంది కాబట్టి పొగడ్తలో అబద్ధమూ లేదు. నా పేరు అవసరం లేదు, నోటు పక్కనే కనిపిస్తుంది. ఎన్నేళ్ల అనుభవమో, ఎన్ని భాషలో ప్రొఫైల్‌లో ఉన్నాయి. ఊరు పేరు మాత్రం ఉంచాను. విత్తన పత్తి వ్యాపారంలో ఉన్నవాళ్లకు గద్వాల అంటే వేరే వివరణ అక్కర్లేదు. చివరికి మిగిలింది ఇది:

‘నమస్కారం. మీ పత్తి క్రాసింగ్ కరపత్రంలో మొగ్గ బొమ్మ చూడగానే అర్థమైంది. నాది గద్వాల, విత్తన కంపెనీలకు తెలుగు రాస్తాను. ఆ బొమ్మ కింద వాక్యాలు ఇక్కడి రైతుల మాటల్లో రాసి పంపనా?’

171 వచ్చింది. ఇంకా 29 ఉన్నాయి కదా అని ‘ధన్యవాదాలు’ చేర్చబోయి ఆగిపోయాను. ప్రశ్న తర్వాత ఇంకేమైనా ఉంటే చదివేవాడి చూపు ప్రశ్న మీద నిలవదు. ఒకసారి పంపాక దిద్దడం కుదరదని తెలుసు కాబట్టి, గుణింతాలూ వత్తులూ మరోసారి చూసుకుని, మూడు వారాలు నిండిన మర్నాడు కంప్యూటర్‌లోనే కూర్చుని పంపాను. ఫోను పక్క గదిలో పెట్టాను.

నాలుగో రోజు సాయంత్రం ఒప్పుకున్నారు. నేను రాసిన నోటే మా సంభాషణలో మొదటి సందేశంగా కనిపించింది, దాని కింద ఆయన జవాబు: ‘పంపండి.’ వాక్యాలు ముందే రాసి ఉంచినా వెంటనే పంపలేదు, ఒక పూట ఆగాను. అది నా పంతం. సందేశంలో 200 పట్టింపు లేదు కదా అని పెద్ద ఉపోద్ఘాతం మొదలుపెట్టి, మళ్లీ చెరిపేసి, మూడు వాక్యాలే పంపాను. వాటిలో ‘ఆడ సాళ్లలో’ అని మామూలుగా రాశాను, పాత మాట ఊసెత్తలేదు.

ఆయనే అడిగారు: ‘సాళ్లు అంటారా? మరి మేం రాసింది రైతులకు అర్థం కాదా?’

అర్థమవుతుంది గానీ ఒకసారి ఆగి చదవాలి అని రాశాను. కాసేపటికి కరపత్రం మొత్తం ఫైలు వచ్చింది, కింద ‘పేజీకి ఎంత తీసుకుంటారు?’ అని. నాలుగు పేజీలు. మగ సాళ్ల పేజీలోనూ ‘మగ తల్లిదండ్రులు’ ఉన్నారు.